దొంగతనం జరిగిందని కాదు, జరిగితే తెలిసే దారి లేదని: ఒక రైస్ మిల్లుకు మేనేజ్‌మెంట్ లెటర్ వివరించిన కేసు

నేను నల్గొండలో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంటును. ఈ కేసులో నేను ఆడిటర్ని కాను. మిల్లు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు మా ఆఫీసు చూస్తుంది. స్టాట్యుటరీ ఆడిట్ హైదరాబాద్ ఫర్మ్ ఒకటి చేస్తుంది. వాళ్లు ఇంగ్లిష్‌లో రాసిన లేఖను తెలుగులో యజమానికి అర్థమయ్యేలా చెప్పడం నా వంతుకు వచ్చింది. మొదటిసారి నేను చెప్పిన తీరు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగింది. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. మిల్లును గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని అంకెలు, వివరాలు మార్చాను.

మిల్లు, మనుషులు

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద ఉన్న మిల్లు అది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, టర్నోవరు 70 కోట్ల దగ్గర. స్టాకు చూపించి వాడుకునే అప్పు, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్, బ్యాంకులో 6 కోట్లు ఉంది. సొంతంగా వడ్లు కొని బియ్యం అమ్ముతారు. దాంతోపాటు ప్రభుత్వం ఇచ్చే వడ్లను ఆడించి బియ్యం తిరిగి అప్పజెప్పే పని, అంటే సీఎంఆర్ కూడా చేస్తారు.

యజమానికి 58 ఏళ్లుంటాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గింజ కొరికి తేమ ఎంతుందో చెప్పగలడు, ఆ మాట మీటరుకు అర శాతం అటూ ఇటూ ఉంటుంది. లెక్క నోటితోనే వేస్తాడు. ఇంగ్లిష్ చదవడు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. మిల్లులో లెక్కలన్నీ ఒక్క గుమస్తా చేతిలో ఉంటాయి, 19 ఏళ్లుగా ఆయనే. కాంటా చీటీని బట్టి కొనుగోలు బిల్లు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేది ఆయనే. కొత్త వ్యాపారి పేరు, బ్యాంకు ఖాతా నంబరు ఎక్కించేది, పేమెంటు తయారు చేసేది, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసేది కూడా ఆయనే.

ఈ చివరి మూడు పనులు ఒకే మనిషి చేస్తున్నాడన్నదే లేఖలో మొదటి అంశం.

లేఖ వచ్చాక

ఆడిట్ ముగింపులో ఆడిటర్లు రెండు రకాల కాగితాలిస్తారు. ఒకటి ఆడిట్ రిపోర్టు. అది వాటాదారులకు, బ్యాంకుకు, రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు వెళ్తుంది. రెండోది మేనేజ్‌మెంట్ లెటర్. తప్పు జరగకుండా, జరిగితే తెలిసేలా సంస్థ లోపల పెట్టుకునే ఏర్పాట్లను ఇంటర్నల్ కంట్రోల్ అంటారు. లెక్కలు చూస్తున్నప్పుడు కంటపడ్డ ఆ లోపాలను యాజమాన్యానికి మాత్రమే చెప్పే లేఖ అది. వాటిలో పెద్దవి అనుకున్నవాటిని రాతపూర్వకంగా చెప్పి తీరాలని ఆడిటింగ్ ప్రమాణం ఎస్.ఏ. 265 అంటుంది. ఈ మిల్లుకు వచ్చిన లేఖలో 11 అంశాలున్నాయి. ఒక్కోదానికి యాజమాన్యం 15 రోజుల్లో జవాబు రాయాలి. వచ్చింది సెప్టెంబరు మొదటి వారంలో. వానాకాలం పంట దిగడానికి నెలన్నర కూడా లేదు.

యజమాని లేఖ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. కొడుకు ఫోన్లో ఏదో చదివి చెప్పాడట. దాంట్లో ఆయనకు అందిన మాట ఒక్కటే, 'కంట్రోల్'.

"సారూ, మన మిల్లుల కంట్రోల్ బియ్యం ముచ్చట ఎక్కడిది? ఒక్క బస్త ముట్టుకోలే నేను. గా ఆడిటరు ఎట్ల రాస్తడు?"

నాకు విషయం అందడానికి ఒక నిమిషం పట్టింది. మా వైపు కంట్రోల్ అంటే రేషన్ దుకాణం, కంట్రోల్ బియ్యం అంటే రేషన్ బియ్యం. మిల్లర్ చెవిలో ఆ మాట పడితే రేషన్ బియ్యం దారి మళ్లించారనే ఆరోపణ ఒక్కటే గుర్తొస్తుంది. 'ఇంటర్నల్ కంట్రోల్ వీక్‌నెస్' అన్న మాట ఆయనకు అలా చేరింది. అది కాదని చెప్పి పంపాను. లేఖ మొత్తం తెలుగులో రాసి రెండు రోజుల్లో ఇస్తానన్నాను.

మొదటి ప్రయత్నం: అనువాదం

కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఏ అంశమూ వదల్లేదు, ఏ మాటనూ పలుచన చేయలేదు. 'సెగ్రిగేషన్ ఆఫ్ డ్యూటీస్' విధుల విభజన అయింది. 'కంట్రోల్' నియంత్రణ అయింది, 'వీక్‌నెస్' బలహీనత అయింది. మొదటి అంశం చివర ఇంగ్లిష్‌లో ఉన్న వాక్యాన్ని ఇలా తెలుగు చేశాను: "విధుల విభజన లేనందువల్ల నిధుల దుర్వినియోగం జరిగి, అది బయటపడకుండా ఉండే అవకాశం ఉంది."

ఆ వాక్యంలో తప్పేమీ లేదని అప్పుడు అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయన గుమస్తాను పిలిచి, ఆ కాగితం చేతిలో పెట్టి, "ఏందిది?" అని అడిగాడు. గుమస్తా చదివి, కాగితం బల్ల మీద పెట్టి, తాళంచెవులు దాని మీద పెట్టి వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు.

ఆ సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేశాడు. "పంతొమ్మిదేండ్ల సంది నా ఇంట్ల మనిషి లెక్క ఉన్నడు. ఆయన దొంగ అని రాసిచ్చినవు సారూ నువ్వు."

అట్లా రాయలేదని వాదించడం తేలికే. నేనూ మొదట వాదించాను. తర్వాత నా వాక్యాన్ని ఆయన చదివినట్టు చదివి చూశాను. 'దుర్వినియోగం జరిగే అవకాశం ఉంది' అన్న మాట మనకు రోజూ పేపర్లో కనిపిస్తుంది. జరిగిందని తెలిసినా నేరుగా అనలేని చోట పేపరు వాడే మాట అది. 'అవకాశం ఉంది' అంటే తెలుగు చెవికి 'జరిగే ఉంటుంది' అని వినబడుతుంది. ఇంగ్లిష్‌లో ఆడిటర్ రాసిన 'కుడ్' అనే చిన్న మాట కేవలం తలుపు తెరిచి ఉందని చెబుతుంది. నా తెలుగులో ఆ తలుపులోంచి ఒక మనిషి దూరిపోయాడు. మిల్లులో ఆ తలుపు దగ్గర ఉండేది ఒక్క మనిషే కాబట్టి, ఆ మనిషెవరో చెప్పనక్కర్లేకపోయింది.

దానికంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. ఏడో అంశం గురించి ఆయన ఒక్క మాట అనలేదు. బ్యాంకుకు ఇచ్చిన మూడు నెలల స్టాక్ స్టేట్‌మెంటు లెక్కల పుస్తకాలతో 'ఏకీభవించలేదు' అని ఉన్న అంశం అది. ఇంగ్లిష్‌లోనే చాలా మెత్తగా ఉంది, నా తెలుగులో మరీ మెత్తబడింది. కానీ మొత్తం 11 అంశాల్లో అసలు ప్రమాదం దాంట్లోనే ఉంది. మొదటి అంశం జరగగలదాని గురించి. ఏడోది జరిగిపోయినదాని గురించి. ఆయన జరగనిదానికి మండిపడి, జరిగినదాన్ని దాటేశాడు. దానికి కారణం ఆయన కాదు. ఆడిట్ భాషలో మాట తీవ్రత, విషయం తీవ్రత ఒకటి కావు. అనుమానం లేని చోట కూడా గట్టి మాటలు వాడతారు, సంగతి తేలిన చోట పొడి మాటలు వాడతారు. నేను మాటలను మోసుకొచ్చాను, బరువును అక్కడే వదిలేశాను.

రెండో ప్రయత్నం: కొడుకు చేత చెప్పించడం

ఇది ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొడుకు ఇంగ్లిష్ చదువుతాడు, తండ్రి ఆయన మాట వింటాడు అనుకున్నాను. ఆయన మొత్తం చదివి, కొత్త సాఫ్ట్‌వేర్ కొందామన్నాడు. తండ్రి సరేనన్నాడు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కొంటే ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. నేను ఒప్పుకోలేదు. బిల్లు ఎక్కించేవాడు, పేమెంటు చేసేవాడు, సరిచూసేవాడు ఒకడే అయితే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ ఒక్కడి పాస్‌వర్డే ఉంటుంది.

మూడో ప్రయత్నం: ఒక లారీ వెంట నడవడం

ఆడిటర్లు ఏ వ్యవస్థనైనా అర్థం చేసుకోవడానికి చేసే మొదటి పని వాక్‌త్రూ. ఒకే ఒక్క లావాదేవీని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాని వెంట వెళ్తారు. ఆడిటర్ తెలుసుకోవడానికి చేసే పనిని యజమాని చేత చేయిస్తే ఏమవుతుందని ఆలోచించాను. లేఖను ఆఫీసులోనే వదిలి మిల్లుకు వెళ్లాను. గుమస్తా అప్పటికి తిరిగి వచ్చాడు. ముందు ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆ వాక్యం నా చేతగానితనమని, ఆడిటర్ అట్లా అనలేదని యజమాని ముందే చెప్పాను. అది చెప్పకుండా ఏం మొదలుపెట్టినా ఆయనను పట్టుకోవడానికి వేసిన ఎత్తులాగే కనిపించేది.

తర్వాత యజమానిని అడిగాను. "అన్నా, ఇప్పుడొచ్చే లారీల్లో ఒకటి నువ్వే చూపించు. దాని వెనకాల మనిద్దరం పోదాం. ఒక్కో దగ్గర నేను ఒకటే మాట అడుగుతా: ఇక్కడ పొరపాటైతే నీకెట్ల తెలుస్తది?"

లారీని ఆయన చేతనే ఎంపిక చేయించడానికి కారణం ఉంది. నేను ఎంచుకుంటే, దాంట్లో ఏదో ఉందని నాకు ముందే తెలుసనుకుంటాడు.

యాసంగి వడ్లు ఇంకా వస్తున్న రోజులు. ఒక వ్యాపారి పంపిన లారీ గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ నోటుబుక్కులో నంబరు రాశాడు. ఆ పుస్తకాన్ని ఎవరు చూస్తారని అడిగితే, నిండాక పక్కన పెడతామన్నాడు. కాంటా ఎక్కితే లోడుతో 24,380 కిలోలు. తేమ చూశారు, బాగానే ఉంది. హమాలీలు దించారు. లారీ నేరుగా గేటు వైపు తిరిగింది.

"ఖాళీ బండి తూకం?" అన్నాను.

కాంటా కుర్రాడు కంప్యూటర్లో 8,620 అని కొట్టాడు. ఆ లారీ వారంలో నాలుగు సార్లు వచ్చింది, మొదటిరోజు తూచిన ఖాళీ బరువే వాడుతున్నామన్నాడు. వెనక బండ్లు ఆగి ఉంటే డ్రైవర్లు గొడవ చేస్తారట. నికరంగా 15,760 కిలోలకు చీటీ వచ్చింది.

యజమాని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గేటు దాకా నడిచి లారీని వెనక్కి రప్పించి కాంటా ఎక్కించాడు. 8,740 చూపింది. 120 కిలోలు తేడా. క్వింటాలు 2,400 చొప్పున 2,880 రూపాయలు. డ్రైవర్ని అడిగితే పొద్దున ట్యాంకు నిండా డీజిల్ కొట్టించానన్నాడు. అంతే. అబద్ధం ఆడినవాడు లేడు, దాచుకున్నవాడు లేడు. కానీ మిల్లు 120 కిలోల డీజిల్‌కు వడ్ల ధర కట్టబోయింది.

"దీంట్ల దొంగ ఎవరు, అన్నా?" అని అడిగాను.

"ఎవ్వరు లేరు."

"పైసలు పోతున్నయా లేదా?"

"పోతున్నయి." కాసేపాగి ఆయనే అన్నాడు, "సీజన్ల రోజుకు ముప్పై బండ్లు వస్తయి."

అన్ని బండ్లకూ తేడా ఉంటుందని లెక్కగట్టి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కొన్ని బండ్లకు ట్యాంకు ఖాళీగా ఉండి తేడా మిల్లు వైపు వస్తుంది, అప్పుడు నష్టపోయేది వ్యాపారో రైతో. ఆ మాటే చెప్పాను. ఆడిటర్ రాసింది కూడా ఇదే: తూకం అంకెను చేత్తో కొట్టే వీలుంది, కొట్టినప్పుడు ఎవరూ చూడరు. అప్పుడు నేను మొదటిసారి లేఖలోని మాటకు నా తెలుగు చెప్పాను. "దొంగతనం జరిగిందని వాళ్లు చూడలేదు. జరిగితే తెలిసే దారి లేదని రాసిండ్రు."

ఒక వాక్యాన్ని రెండుగా విరవడమే ఇక్కడ నేను చేసింది. ఇంగ్లిష్ వాక్యం 'జరిగిందని చూడలేదు', 'తెలిసే దారి లేదు' అన్న రెండు సంగతులను ఒక 'కుడ్'లో కలిపేస్తుంది. తెలుగులో వాటిని విడివిడిగా చెప్పాలి. అందులోనూ 'చూడలేదు' అన్నది ముందు చెప్పాలి. అది రెండోదయితే, అప్పటికే వినేవాడి మనసు గుమస్తా దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది.

చీటీల సంగతి కూడా అక్కడే తేలింది. చీటీలకు వరస నంబర్లు లేవని ఆడిటర్ రాసినందుకు ఆయనకు కోపం ఉంది. "కంప్యూటరే నంబరిస్తది, వాళ్లకు తెల్వక రాసిండ్రు" అన్నాడు. కరెంటు పోతే ఏం చేస్తారని కుర్రాడిని అడిగాను. బల్ల సొరుగులోంచి చేతితో రాసే పుస్తకం తీశాడు. దానికి అచ్చు నంబర్లు లేవు. ఏ రోజు ఎన్ని చీటీలు రాశారో, ఎన్ని చింపారో చెప్పే ఆధారం లేదు. ఆ నెలలో చేతితో రాసినవి, గేటు పుస్తకంలో ఉన్న లారీలు, ట్యాలీలో బిల్లులు పక్కపక్కన పెట్టాం. గేటు దాటిన మూడు లారీలకు బిల్లు లేదు. రెండు తేమ ఎక్కువై తిరిగిపోయినవి, అది గుమస్తాకు గుర్తుంది. మూడోది ఎవరికీ గుర్తులేదు. ఇవాళ్టికీ దొరకలేదు. యజమాని ఆ నంబరు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. నేనేమీ అనలేదు. 'తెలిసే దారి లేదు' అంటే ఏమిటో ఆ నంబరే చెబుతోంది.

ఓటీపీ

పేమెంటు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ధైర్యం ఉంది. "ఇక్కడ మాత్రం నాకు తెల్వకుంట రూపాయి పోదు. ఓటీపీ నా ఫోనుకే వస్తది."

ఓటీపీ వచ్చినప్పుడు ఎక్కడుంటావని అడిగాను. పొలం దగ్గర, పెళ్లిలో, హైదరాబాద్ బస్సులో, ఎక్కడైనా. గుమస్తా ఫోన్ చేస్తాడు, ఈయన ఆరు అంకెలు చదివి చెబుతాడు. మెసేజీలో మొత్తం ఎంతుందో చూస్తావా అంటే, అంకెలే చూస్తానన్నాడు. నిన్నటి మెసేజీ తెరిచి చూపించమన్నాను. మొత్తం రాసి ఉంది. అది ఏ లారీకో ఆయనకు తెలియదు.

బ్యాంకు పెట్టిన ఏర్పాటు మంచిదే. ఒకరు తయారు చేయాలి, ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి. ఫోన్లో ఓటీపీ చదివి చెప్పడంతో ఆ రెండో మనిషి లేకుండా పోయాడు. కాగితం మీద ఇద్దరున్నారు, పనిలో ఒక్కరే. ఇలాంటివి పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఏర్పాటు ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. దాన్ని చివరిసారి ఎలా వాడారో చూపించమని అడగాలి.

ఇక్కడే గుమస్తా మొదటిసారి మాట్లాడాడు. "సార్, ఖాళీ బండి ప్రతిసారి తూయమని చెప్పుండ్రి. పేమెంటు కాగితం మీద సేటు సంతకం పెట్టాలె. రేపు ఏదన్న తేడా వస్తే నా మీదికే వస్తది కదా. నా దగ్గర చూపెట్టనీకి ఏముంది?"

మూడు రోజుల క్రితం తాళంచెవులు వదిలిపోయిన మనిషి ఆ మాట అన్నాక, తర్వాత పని తేలికయింది.

ఏడో అంశం

ఆ మధ్యాహ్నమే దీన్ని ఎత్తాను. ఆలస్యం చేస్తే మళ్లీ పక్కకు పోతుంది. ఈసారి గొంతు మార్చాను. "అన్నా, ఇందాకటి దాకా చెప్పినవి జరగొచ్చినవి. ఇది జరిగింది."

డిసెంబరు ఆఖరుకు బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ లెక్క పుస్తకాల కంటే 44 లక్షలు ఎక్కువుంది. కారణం వెతికితే, గోదాములో ఉన్న సీఎంఆర్ వడ్లను కూడా సొంత స్టాకులో కలిపారు. ఆ వడ్లు ప్రభుత్వానివి. మిల్లు వాటిని ఆడించి, పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. వాటిని చూపించి అప్పు తీసుకునే హక్కు మిల్లుకు లేదు. గుమస్తా గోదాములో ఉన్నదంతా లెక్కపెట్టి రాశాడు, యజమాని సంతకం పెట్టాడు. కావాలని చేసింది కాదని నేను నమ్ముతాను. కానీ బ్యాంకుకు వెళ్లిన కాగితం మీద ఉన్నది ఆయన సంతకం.

"అందరు గట్లనే ఇస్తరు సారూ."

"ఇస్తరేమో. ఆడిటర్ రాసేది నీ మిల్లు గురించి."

ఇది మేనేజ్‌మెంట్ లెటర్‌తో ఆగదని కూడా చెప్పాల్సి వచ్చింది. బ్యాంకు లిమిట్ 5 కోట్లు దాటిన కంపెనీకి, ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలిశాయా లేదా అన్నది ఆడిట్ రిపోర్టులోనే రాయాలి. రిపోర్టులో ఏమేం చెప్పాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు కారో 2020 అలా అంటుంది. అంటే ఆయన దాటేసిన అంశమే బ్యాంకు మేనేజరు చదివేది. ఆయన కోపం తెచ్చుకున్న అంశాన్ని బయటివాళ్లెవరూ చూడరు. ఈ రెండు కాగితాల తేడా నేను మొదటిరోజే చెప్పి ఉండాల్సింది.

ఆగస్టు స్టేట్‌మెంటు తీయించాను. అదే అలవాటు, ఈసారి 31 లక్షలు. ముందు దీన్ని సరిచేద్దామన్నాను. పాతది ఎలాగూ రిపోర్టులోకి వెళ్తుంది. కానీ తప్పని తెలిశాక కూడా అదే కొనసాగిస్తే దానికి పేరు మారుతుంది. స్టాకు విలువలో 25 శాతం మార్జిన్ తీసేసి మిగిలినంత వరకే బ్యాంకు వాడుకోనిస్తుంది, దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. అందుకని 31 లక్షలు తీసేస్తే వాడుకునే హద్దు 23 లక్షల 25 వేలు తగ్గి 5 కోట్ల 62 లక్షలకు వచ్చింది. ఖాతాలో అప్పటికే వాడింది 5 కోట్ల 71 లక్షలు. 9 లక్షలు ఎక్కువ. తవుడు, నూకలు అమ్మిన డబ్బు తెచ్చి వారంలో కట్టి, సవరించిన స్టేట్‌మెంటు పట్టుకుని ఆయనే బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు తీసుకున్నాడు. ఆడిట్ రిపోర్టులో 44 లక్షల తేడా, దాని కారణం పట్టికగా వచ్చాయి. దాన్ని తీసేయించమని యజమాని నన్ను రెండుసార్లు అడిగాడు. అది నా చేతిలోనూ లేదు, ఆడిటర్ చేతిలోనూ లేదన్నాను.

జవాబులు రాయడం

"ఇంతకూ పాసైనమా ఫెయిలైనమా?" అని అడిగాడు. టర్నోవరు 50 కోట్లు దాటిన ప్రైవేట్ కంపెనీ కాబట్టి ఆడిటర్ ఇంటర్నల్ ఫైనాన్షియల్ కంట్రోల్స్ మీద కూడా అభిప్రాయం ఇవ్వాలి. మొదటి అంశాన్ని వాళ్లు 'సిగ్నిఫికెంట్ డెఫిషియెన్సీ' అన్నారు, 'మెటీరియల్ వీక్‌నెస్' అనలేదు. రెండోది అని ఉంటే అభిప్రాయమే మారేది. ఆయనకు ఇలా చెప్పాను: గోడ బీటలు వారింది, యజమానికి చెప్పి తీరాలి. ఇల్లు కూలే బీట అయితే దారిన పోయేవాళ్లకు కూడా బోర్డు పెట్టాలి. మనది మొదటి రకం.

జవాబులు ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లిష్‌లో రాశాను. రాసింది మళ్లీ తెలుగులో చదివి వినిపించాను. అన్నిటికీ 'అంగీకరిస్తున్నాం, అమలు చేస్తాం' అని రాయడం తేలిక, చాలామంది అదే చేస్తారు. మరుసటి ఏడాది అదే అంశం 'గత ఏడాది హామీ అమలు కాలేదు' అనే తోకతో తిరిగి వస్తుంది. అందుకని చేయలేనిది చేస్తామని రాయొద్దన్నాను.

ఇంకో అకౌంటెంటును పెట్టుకోమని ఆడిటర్ల సూచన. ఆయన వద్దన్నాడు. ఆ మాటలో న్యాయముంది, ఏడాదిలో ఆరు నెలలు ఆ మనిషికి పనుండదు. మనుషులను పెంచలేని చోట యజమాని కన్ను ఆ పని చేయాలి. అది కూడా ఆడిటర్లు ఒప్పుకునే ఏర్పాటే. అందుకని రోజూ సాయంత్రం ఒక కాగితం పెట్టుకున్నాం. గేటు పుస్తకంలో ఎన్ని లారీలు, కాంటా చీటీలు ఎన్ని, ట్యాలీలో బిల్లులెన్ని. మూడూ ఒకటి కావాలి, కాకపోతే ఎందుకో పక్కన రాయాలి, కింద ఆయన సంతకం. ఖాళీ బండి ప్రతిసారీ తూయాలి. చేతిరాత చీటీలకు నంబర్లు అచ్చువేసిన పుస్తకం వచ్చింది. చెడిన చీటీని చింపకుండా అడ్డగీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి. బ్యాంకులో ఆయనకు వేరే లాగిన్ తీసుకున్నాం, సంతకం చేసిన కాగితం చూశాకే ఒప్పుకోవాలి. ట్యాలీలో అందరూ ఒకే పాస్‌వర్డు వాడటం కూడా ఆగింది. మిగతా చిన్న అంశాలు ఒక పూటలో అయిపోయాయి.

తర్వాత

మరుసటి ఏడాది లేఖలో 6 అంశాలొచ్చాయి. మొదటిది పోలేదు, కానీ యజమాని రోజువారీ తనిఖీ ఉందని దాని కింద రాశారు.

ఆ తనిఖీకి ఒక హద్దుంది. ఒక్క మనిషి కన్ను మీద నిలబడ్డ ఏర్పాటు ఆ మనిషి తీరికను బట్టే నడుస్తుంది. జనవరిలో నేను కాగితాల కట్ట తిరగేస్తే నవంబరులో తొమ్మిది రోజులు సంతకం లేదు. రోజుకు ముప్పై బండ్లు వచ్చిన రోజులవి. తనిఖీ ఎక్కువ కావాల్సినప్పుడే అది ఆగింది. ఆయన పెన్ను తీసుకుని, ఆ తొమ్మిదింటి మీదా అక్కడే సంతకాలు పెట్టబోయాడు. పెట్టొద్దన్నాను. ఖాళీగా ఉన్న కాగితం చూడలేదని నిజం చెబుతుంది, ఇప్పుడు పెట్టిన సంతకం చూశానని అబద్ధం చెబుతుంది. గేటు పుస్తకంతో ఆ రోజులన్నీ సరిచూసి, జనవరి తేదీ వేసి, వేరే కాగితం మీద ఇద్దరం రాసి పెట్టాం. అందులో రెండు బండ్లకు లెక్క కలవలేదు. కాంటా చీటీల నకళ్లు వెతికి ఒకటి దొరికించాం. రెండోదాని కోసం గుమస్తా ఆ వ్యాపారి దగ్గరికి వెళ్లాడు.